సర్వైవల్ గేముల్లో ఆకలి, దాహం, చలి మీటర్లు: మా గేమ్‌లో టెన్షన్ ఎందుకు రావట్లేదు?

శేషు_గోదారి

అందరికీ నమస్కారం. నేనూ, ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఆఫీసు అయ్యాక రాత్రిపూట ఒక చిన్న సర్వైవల్ గేమ్ చేస్తున్నాం, గోడో ఇంజిన్‌లో. కథ పెద్దగా ఏమీ లేదు. మంచుకొండల్లో ఒక పాత వాతావరణ కేంద్రం, అక్కడ చిక్కుకుపోయిన ఒక మనిషి, రేడియో బాగుచేసుకుని బయటపడాలి. మీటర్లు మూడు: ఆకలి, దాహం, ఒంటి వేడి. నాకు ద లాంగ్ డార్క్ అంటే పిచ్చి, అందుకే ఈ ఐడియా.

సమస్య ఏంటంటే, తెలిసినవాళ్లకి ఆడమని ఇస్తే ఎవరికీ భయం వేయట్లేదు. చిరాకు వేస్తోంది. వెనక నిలబడి చూశాను. బార్ పసుపు రంగులోకి రాగానే బ్యాగ్ తెరుస్తారు, ఒక డబ్బా తింటారు, ఒక సీసా తాగుతారు, మూసేస్తారు, మళ్లీ రేడియో పని. ఒకాయనైతే "ఇది గేమా, మందులు వేసుకోమని గుర్తుచేసే అలారమా" అన్నాడు. ద లాంగ్ డార్క్‌లో ఉన్నవీ అవే మీటర్లు కదా, అక్కడ గుండె దడదడలాడుతుంది, ఇక్కడ ఆవులింతలు. తేడా ఎక్కడుంది?

ప్రస్తుతం కోడ్ ఇంతే:

```
func _process(delta):
    hunger -= 0.02 * delta
    thirst -= 0.03 * delta
    warmth -= 0.05 * delta
```

మూడూ 100 దగ్గర మొదలవుతాయి. ఏదైనా సున్నాకి వస్తే హెల్త్ తగ్గుతుంది.

వర్ధన్77

బ్రో, లెక్క చూడు. నీ ఆకలి బార్ ఖాళీ అవ్వడానికి 5000 సెకన్లు, అంటే గంటా ఇరవై నిమిషాల పైనే. అంతసేపు ఎవడికి భయం వేస్తుంది? మూడింటినీ రెట్టింపు స్పీడ్ చెయ్యి, మ్యాప్‌లో డబ్బాలు సగానికి తగ్గించు. టెన్షన్ దానంతట అదే వస్తుంది. సర్వైవల్ గేమ్ అంటేనే కొరత. కొరత లేకపోతే పిక్నిక్.

కూలర్_రవి

ఉష్ణోగ్రత విషయం నన్ను అడగండి. నా లాప్‌టాప్‌లో ఓపెన్ వరల్డ్ గేమ్ ఏది పెట్టినా 95 డిగ్రీలు దాటుతోంది. థర్మల్ పేస్ట్ మార్పించి, కింద కూలింగ్ ప్యాడ్ పెట్టాక 84కి వచ్చింది. ఎఫ్‌పీఎస్ 60కి లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. మీ టెస్టర్లకి కూడా అదే చెప్పండి.

శేషు_గోదారి

రవి గారూ, గేమ్ లోపల మనిషికి వేసే చలి గురించండీ, లాప్‌టాప్ వేడి గురించి కాదు :) థర్మల్ పేస్ట్ మాట మాత్రం గుర్తుపెట్టుకుంటా.

వర్ధన్ బ్రో, రెట్టింపు స్పీడ్ ఆల్రెడీ ఒకసారి పెట్టి చూశాం. బ్యాగ్ రెండింతలు సార్లు తెరిచారు, అంతే.

నీలిమ_కె

శేషు గారూ, మీ చివరి వాక్యంలోనే జవాబు సగం ఉంది. మీ గేమ్‌లో బార్ తగ్గడమూ, బార్ నింపుకోవడమూ రెండూ బ్యాగ్ లోపలే జరిగిపోతున్నాయి. ఆటగాడు ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నదాన్ని ఆ మీటరు మార్చట్లేదు. అలాంటప్పుడు స్పీడ్ పెంచితే పెరిగేది పని, ఒత్తిడి కాదు.

మీరు ద లాంగ్ డార్క్ బాగా ఆడారు కాబట్టి అందులోంచే ఒక సందర్భం తీసుకుంటాను. గుడిసెలో ఉన్నారు, తిండి అయిపోతోంది. బయట దూరంగా ఒక దుప్పి. పొద్దున్నే వాతావరణం పర్లేదు. వెళ్లి కొట్టారు. ఇప్పుడు మాంసం కోయాలి. ఆ స్క్రీన్ గుర్తుందా? ఎన్ని కిలోలు కావాలో మీరే పెట్టుకోవాలి, పెంచేకొద్దీ పక్కన ఎంత టైమ్ పడుతుందో చూపిస్తుంది. కిలో దుప్పి మాంసం వండితే దాదాపు 800 కేలరీలు. రెండు కిలోలతో సరిపెడితే 1600, అది ఒక్క రోజుకి కూడా చాలదు. మొత్తం కోస్తే రోజులు గడుస్తాయి. కానీ కోసినంతసేపూ మీరు ఆరుబయట కూర్చుని ఉంటారు, ఒంటి వేడి పడిపోతూ ఉంటుంది. ఇంతలో గాలి లేచిందనుకోండి. పక్కన మంట వేసుకుని కోద్దామంటే అగ్గిపుల్ల, కట్టెలు ఖర్చు, పైగా గాలికి ఆ మంట ఆరిపోవచ్చు. సరే, కోసేసి మోసుకెళ్దామంటే పచ్చి మాంసం వాసనకి తోడేళ్లు వెంటపడతాయి. బరువు 30 కిలోలు దాటితే నడక నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే చలి ఇంకా ఎక్కువసేపు తగులుతుంది.

ఇక్కడ ఆకలి ఒక్కటే భయపెట్టలేదు. ఆకలి బయటికి తోస్తోంది, చలి లోపలికి లాగుతోంది. రెండింటి మధ్య ఆ కిలోల అంకె మీద మీ వేలు ఆగిపోతుంది చూడండి, మీరు అంటున్న టెన్షన్ అక్కడుంది. మీ కోడ్‌లో మూడు మీటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదు. మూడూ ఒకే దిక్కుకి నడుస్తున్నాయి, మూడింటికీ మందు ఒకటే చోట ఉంది.

ఓరుగల్లు_పోరడు

నీలిమక్క మంచిగ చెప్పింది. కానీ నాకైతే అసలు గీ ఆకలితోని సచ్చుడే వద్దనిపిస్తది. వాల్‌హైమ్ సూడుర్రి. 2021ల వచ్చినప్పుడు మా హాస్టల్ల సగం మంది గదే ఆడిన్రు. అండ్ల తినకపోతే సావవు. కాకపోతే ఖాళీ కడుపుతోని ఉంటే హెల్త్ 25ఏ ఉంటది, ట్రోల్ ఒక్కటి సరిసిందంటే ఖతం. మూడు రకాల తిండి తిన్నవనుకో, హెల్త్, స్టామినా మస్తు పెరుగుతయి. అంటే తిండి శిక్ష కాదన్నా, బలం. అడవికి పోయే ముందు కూసొని ఏం తిందామని ఆలోచిస్తం. శేషన్నా, నువ్వు గూడ గట్ల చెయ్యరాదు?

వర్ధన్77

అది సర్వైవల్ ఎలా అవుతుంది? తిండి లేకపోయినా చావనప్పుడు అది ఆర్‌పీజీ బఫ్ అంతే. మైన్‌క్రాఫ్ట్ చూడండి, ఆకలి సున్నా అయితే చస్తాం. సింపుల్.

పద్మ_టీచర్

వర్ధన్ బాబూ, మా పిల్లలతో కూర్చుని రోజూ ఆడతాను కాబట్టి చెప్తున్నా. మైన్‌క్రాఫ్ట్‌లో ఆకలి వల్ల చావు వచ్చేది హార్డ్‌లో మాత్రమే. నార్మల్‌లో అర గుండె దగ్గర ఆగిపోతుంది, ఈజీలో ఐదు గుండెల దగ్గరే ఆగుతుంది. మా చిన్నాడు ఈజీలో ఆడుతూ అసలు తిండే మానేశాడు, "చావను కదమ్మా" అంటాడు.

కానీ వాడు కూడా ఒకచోట దొరికిపోతాడు. కోడికాళ్ల గుర్తులు మూడుకి పడితే పరుగు ఆగిపోతుంది. రాత్రి అస్థిపంజరం వెంట పడినప్పుడు పరిగెత్తలేకపోవడం ఉంది చూడండి, అప్పుడు అరుస్తాడు "అమ్మా బ్రెడ్డు, బ్రెడ్డు" అని. గుండెలు వాటంతట అవి నిండటం కూడా ఆ గుర్తులు తొమ్మిది కంటే తగ్గితే మామూలుగా ఆగిపోతుంది. అంటే అక్కడ ఆకలి చంపక్కర్లేదు, పరుగునీ గాయం మానడాన్నీ లాగేసుకుంటుంది. చంపే పని జాంబీలు చూసుకుంటాయి.

నాకొక సందేహం కూడా. బిస్కెట్లు తిన్నా కాసేపటికే మళ్లీ ఆకలి పడిపోతుంది, కాల్చిన బీఫ్ తింటే చాలాసేపు కదలదు. రెండూ గుర్తులు నింపుతాయి కదా, మరి తేడా ఎందుకు?

నీలిమ_కె

పద్మ గారూ, ఆ గేమ్‌లో కనబడే కోడికాళ్ల వెనక కనబడని ఇంకో నిల్వ ఉంటుంది, సాచురేషన్ అంటారు. పరుగు, గెంతు, తవ్వడం, గాయం మానడం, వీటి ఖర్చు ముందు ఆ నిల్వలోంచి పోతుంది. అది అయిపోయాకే కోడికాళ్లు తగ్గడం మొదలవుతుంది. కాల్చిన బీఫ్ ఎనిమిది పాయింట్లు, అంటే నాలుగు కోడికాళ్లు నింపుతుంది, దాంతోపాటు 12.8 సాచురేషన్ ఇస్తుంది. బిస్కెట్ రెండు పాయింట్లు, సాచురేషన్ 0.4 మాత్రమే. అందుకే బిస్కెట్ తిన్న పిల్లాడు రెండు గెంతులేసేసరికి బార్ వణుకుతుంది.

శేషు గారికి పనికొచ్చే సంగతి ఇందులో ఒకటుంది. అక్కడ ఆకలి గడియారాన్ని బట్టి తగ్గదు, చేసే పనిని బట్టి తగ్గుతుంది. కదలకుండా నిలబడితే దాదాపు ఏమీ ఖర్చు కాదు. పరిగెత్తితే మీటరుకి 0.1 చొప్పున అలసట లెక్కలో చేరుతుంది, అది 4 అయితే ఒక పాయింటు పోతుంది. అంటే 40 మీటర్ల పరుగుకి ఒక పాయింటు. పరిగెత్తాలా నడవాలా అని ఆటగాడు అనుకునేది అప్పుడే. మీ 0.02 మాత్రం మనిషి కుర్చీలో కూర్చున్నా, కొండెక్కినా అంతే తగ్గుతోంది.

చరిత్ర చూసినా సరదాగా ఉంటుంది. 2011 సెప్టెంబరులో బీటా 1.8 వచ్చేదాకా మైన్‌క్రాఫ్ట్‌లో ఆకలి బారే లేదు, తిండి తింటే నేరుగా గుండెలు నిండేవి.

ఎడ్మంటన్_సుబ్బు

ఆలస్యంగా వచ్చాను. ద లాంగ్ డార్క్ జరిగేది కెనడా ఉత్తరాన, ఊహించిన ఒక దీవిలో. నేనుండేది ఎడ్మంటన్. మాకు జనవరిలో మైనస్ 30 అంటే వార్త కూడా కాదు. కాబట్టి చలి మీటరు మీద ఒక మాట చెప్పే హక్కు నాకుందనుకుంటా.

గేమ్‌లో గాలి చలిని విడిగా లెక్క కట్టడం నాకు బాగా నచ్చింది. నిజంగానే గాలి లేని మైనస్ 20లో సుబ్బరంగా నడిచి బస్టాపుకి వెళ్లిపోవచ్చు. మైనస్ 10లో ఎదురుగాలి ఉంటే మాత్రం చెంపలు కోసినట్టు ఉంటుంది, కారు తాళం తియ్యడానికి గ్లవ్ తీస్తే వేళ్లు మొద్దుబారిపోతాయి. గేమ్‌లో కూడా గాలి ఉష్ణోగ్రత ఒకటి, గాలి కోత ఒకటి, బట్టల వెచ్చదనం, ఆ బట్టలు గాలిని ఎంత ఆపుతాయన్నది ఇంకోటి, అన్నీ కలిపి "ఒంటికి అనిపించేది" ఒక అంకెగా చూపిస్తుంది. అది సున్నా కిందికి పోతే వేడి తగ్గడం మొదలు. ఒక రాయి చాటుకి వెళ్తే ఆ అంకె మారుతుంది! నేను ఆ గేమ్‌లో రాళ్లను చూసినంత శ్రద్ధగా ఏ గేమ్‌లోనూ చూడలేదు.

నచ్చనిది ఆకలి. తిండి లేకపోతే కండిషన్, అంటే అందులో ప్రాణం మీటరు, రోజుకి సుమారు 25 శాతం పోతుంది, అంటే నాలుగు రోజుల్లో చావు. నీళ్లు లేకపోతే రోజుకి 50 శాతం, రెండు రోజులు. నిజం మనిషి తిండి లేకుండా వారాలు బతుకుతాడు. ఇది అన్యాయం కాదూ?

నీలిమ_కె

సుబ్బు గారూ, వాళ్లు నిజాన్ని కుదించారు కానీ వరస మార్చలేదు. పూర్తిగా గడ్డకట్టే స్థితికి వస్తే గంటకి దాదాపు 20 శాతం పోతుంది, అంటే గేమ్ లెక్కలో ఐదు గంటలు. ఆ గేమ్‌లో గంట అంటే మనకి ఐదు నిమిషాలు. అంటే గడ్డకట్టాక మన గడియారంలో అరగంట కూడా ఉండదు. చలి నిమిషాల మీద, నీళ్లు రోజు మీద, తిండి రోజుల మీద ఒత్తిడి పెడుతున్నాయి. మూడూ మూడు దూరాల్లో ఆలోచింపజేస్తాయి. ఇప్పుడు ఎక్కడ తలదాచుకోవాలి, సాయంత్రానికి మంట ఎక్కడ, వారం తర్వాత ఏ ఊరి వైపు పోవాలి. శేషు గారి గేమ్‌లో 33 నిమిషాలు, 55 నిమిషాలు, 83 నిమిషాలు, మూడూ ఒకే రకం దూరంలో ఉన్నాయి. అందుకే మూడూ ఒకే అలారంలా మోగుతున్నాయి.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. చుట్టూ మంచే, నీటికి కరువేముంది? కానీ మంచు కరిగించాలి, కరిగినవి మరిగించాలి, లేకపోతే విరేచనాలు. అంటే దాహం మీటరు నిజంగా అడిగేది కట్టెలూ టైమూ. దాహం తీర్చే ఆ మంటే చలినీ తీరుస్తుంది, మాంసాన్నీ వండుతుంది. అందుకని ఆటగాడు మంట వేసిన ప్రతిసారీ, ఈ మంట ఆరేలోపు ఏమేం చేసుకోవాలి అని లెక్కలు వేస్తాడు.

ఓరుగల్లు_పోరడు

గా గేమ్ల పాయఖానల నీళ్లు గూడ తాగొచ్చక్కా. మరిగించే పనే లేదు. నేను మొదటిసారి ఆడినప్పుడు గవే తాగి బతికిన 😂

ఎడ్మంటన్_సుబ్బు

ఛీ. కానీ నిజమే, నేనూ తాగాను.

శేషు_గోదారి

నీలిమ గారూ, చాలా థ్యాంక్స్. ఒక అనుమానం. ద లాంగ్ డార్క్‌లో కూడా కొన్నాళ్లకి నాకు ఆకలి భయం పోయింది. గడ్డకట్టడం అంటే ఇప్పటికీ భయమే. ఆకలి ఎరుపులో ఉన్నా పట్టించుకోకుండా తిరుగుతుంటాను. అది మామూలేనా? అలాగైతే నా గేమ్‌లోనూ అదే జరుగుతుంది కదా.

నీలిమ_కె

మామూలే కాదు, ఆ గేమ్‌లో అందరికీ తెలిసిన కిటుకు అది. లెక్క వేసి చూపిస్తాను.

నిద్రలో గంటకి 75 కేలరీలు ఖర్చు. పది గంటలు పడుకుంటే 750. కడుపు సున్నాలో ఉన్నప్పుడు కండిషన్ గంటకి ఒక శాతం చొప్పున పోతుంది. సరే, పొద్దున్న లేచి పద్నాలుగు గంటలు ఏమీ తినకుండా తిరిగారు. పోయింది 14 శాతం. రాత్రి పడుకునే ముందు సరిగ్గా 750 కేలరీలు తిన్నారు. నిద్రపోయినంతసేపూ ఆకలి సున్నా కాదు, దాహం, చలి కూడా లేకపోతే నిద్రలో కండిషన్ తిరిగి పెరుగుతుంది. మామూలు కష్టంలో పొద్దుటికి ఆ 14 శాతం వచ్చేస్తుంది. మళ్లీ మొదలు.

బాగా తిరిగే రోజున కడుపునిండా తింటే 2200 కేలరీల దాకా కావాలి అనుకుందాం. ఎనిమిది కిలోల దుప్పి మాంసం 6400 కేలరీలు, అంటే కడుపునిండా తిన్నవాడికి మూడు రోజులు కూడా రాదు. పస్తుల లెక్కలో ఆడేవాడికి ఎనిమిది రోజులకి పైగా వస్తుంది. ఎరుపు బార్ చూసి భయపడాల్సిందేమీ లేదు, ఎరుపే చవక అని తేలిపోయింది. మీటరు ఉంది, ఒత్తిడి పోయింది.

చలితో ఇలా బేరం ఆడలేరు. పగలంతా గడ్డకట్టి రాత్రి వెచ్చబడతాను అంటే మధ్యాహ్నానికే పోతారు. రెండు మీటర్లకీ తేడా అక్కడే.

వర్ధన్77

అయితే సింపుల్, పస్తు శిక్షని గంటకి ఐదు శాతం చేస్తే సరి.

నీలిమ_కె

చేయొచ్చు. కానీ అప్పుడు కొత్తగా మొదలుపెట్టి ఇంకా విల్లు కూడా దొరకనివాడు మొదటి రోజే చస్తాడు. కిటుకు తెలిసినవాడి కోసం వేసిన శిక్ష తెలియనివాడికి తగులుతుంది.

ఆ గేమ్ చేసిన హింటర్‌ల్యాండ్ వాళ్లు వేరే దారి పట్టారు. శిక్ష ముట్టుకోలేదు, ఎదురుగా బహుమతి పెట్టారు. వరసగా 72 గంటలు కడుపు సున్నాకి పోకుండా చూసుకుంటే, అదనంగా ఐదు కిలోలు మోసుకోవచ్చు. ఒక్కసారి సున్నాకి పడితే అది పోతుంది, మళ్లీ 72 గంటలు. ఆ గేమ్‌లో ఐదు కిలోలంటే రెండ్రోజుల తిండి, లేదా ఒక తుపాకీ, లేదా దూరప్రయాణానికి కట్టెలు. పస్తు ఉండేవాడు ఉండొచ్చు, కానీ ఇప్పుడు వాడు ఏదో వదులుకుంటున్నాడు.

నా లెక్కలో అది సగం గెలుపే. బాగా కష్టమైన ఇంటర్‌లోపర్ మోడ్‌లో ఆడేవాళ్లు కొందరు ఇప్పటికీ మొదటి రోజుల్లో పస్తుంటారు, తిండి దొరకదు కాబట్టి. అక్కడ అది కిటుకు కాదు, గతి.

ఓరుగల్లు_పోరడు

చూసిన్రా వర్ధనన్నా? ఆఖరికి వాళ్లు గూడ వాల్‌హైమ్ తొవ్వకే వచ్చిన్రు. తింటే బలం. నేను చెప్పింది గదే గద.

వర్ధన్77

రాలేదు. అక్కడ చావు ఇంకా ఉంది. చావు తీసేస్తే ఆ ఐదు కిలోలకి ఎవడూ విలువ ఇవ్వడు.

పద్మ_టీచర్

మా పెద్దమ్మాయి డోంట్ స్టార్వ్ ఆడుతుంది. అందులో దాహమే లేదు, ఆకలి, మతి, ఆరోగ్యం. మాంసంబంతులు వండటం నేర్చుకున్నాక దానికి ఆకలంటే లెక్కే లేకుండా పోయింది. ఒక మాంసం ముక్క, మూడు బెర్రీలు కుండలో వేస్తే 62.5 ఆకలి నిండుతుంది, రోజుకి పోయేది 75. ఇక ఇంటి చుట్టూ బెర్రీ పొదలు నాటి హాయిగా కూర్చుంది. ఆ తర్వాత చలికాలం వచ్చింది, పొదలు కాయడం మానేశాయి, బయటికెళ్తే గడ్డకడుతోంది. పోయింది పాపం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీలిమ_కె

మీ అమ్మాయి కథలో డిజైన్ మొత్తం ఉంది పద్మ గారూ. ఆటగాడు ఒక మీటరుని జయించగానే, ఆ జయం నిలబడిన నేలనే రుతువు లాగేస్తుంది. ఆకలి వేగం అదే 75, మారలేదు. తిండి వచ్చే దారి మారింది. శేషు గారి గేమ్ చిన్నది కాబట్టి రుతువులు అక్కర్లేదు, కానీ రెండో రాత్రికీ నాలుగో రాత్రికీ మధ్య ఏదో ఒకటి మారాలి.

శేషు గారూ, ఒక పని చేయండి. టెస్టర్లు ఆడేటప్పుడు స్క్రీన్ రికార్డు చేసి, వాళ్లు తలుపు తీసేముందు బార్ల వైపు చూస్తున్నారో లేదో గమనించండి. తలుపు దగ్గర ఆగి, చూసి, ఒక్కోసారి వెనక్కి వెళ్లి ఇంకో కట్టె తీసుకుంటే మీటరు పనిచేస్తున్నట్టు. బీప్ వచ్చాకే చూస్తే అలారమే.

శేషు_గోదారి

అప్‌డేట్. పోయిన వారం కూర్చుని మార్చాం. డబ్బాలు కేంద్రంలోంచి తీసేసి బయట మూడు షెడ్లలో పెట్టాం. నీటి సీసాలు మొత్తం తీసేశాం, మంచు కరిగించుకోవాల్సిందే. వేడి ఇప్పుడు గాలిని బట్టి, బట్టల తడిని బట్టి తగ్గుతుంది. ఆకలి పనిని బట్టి. కోడ్ ఇలా మారింది:

```
var feels = air_temp - wind_bite + clothes
if feels < 0:
    warmth += feels * 0.01 * delta
hunger -= effort * delta
```

తలుపు దగ్గర ఆగడం మొదలైంది! ఒకామె గుమ్మంలో నిలబడి చాలాసేపు కిటికీలోంచి జెండా చూసింది, గాలి ఎటుందో తెలుసుకోవడానికి. ఆ జెండా మేం అలంకారానికి పెట్టాం.

కొత్త తలనొప్పి ఏంటంటే, ఇద్దరు ముగ్గురు అసలు బయటికే వెళ్లట్లేదు. పొయ్యి దగ్గర కూర్చుని, మంచు కరిగించుకుంటూ, కదలకుండా ఆకలి మిగుల్చుకుంటూ కాలం గడిపేస్తున్నారు. కదలకపోతే ఆకలి తగ్గదు కదా, ఆ తలుపు మేమే తెరిచాం.

వర్ధన్77

కదలకపోయినా కాస్త తగ్గాలి బ్రో. మైన్‌క్రాఫ్ట్ లెక్క మంచు గేమ్‌కి పనికిరాదు. ద లాంగ్ డార్క్‌లో నిద్రపోయినా 75 పోతున్నాయని నీలిమ గారే చెప్పారు.

నీలిమ_కె

ఈసారి వర్ధన్ గారితో ఒప్పుకుంటాను. కూర్చున్నా ఒక కనీస ఖర్చు ఉండాలి. దాంతోపాటు పొయ్యిలో కట్టెలు ఎక్కడివో చూడండి. కట్టెలు కేంద్రంలోనే ఉంటే ఎవరు మాత్రం బయటికెళ్తారు?

శేషు_గోదారి

కట్టెలు కేంద్రంలోనే ఉన్నాయండీ. కుర్చీలు విరగ్గొట్టి వేసేస్తున్నారు. పన్నెండు కుర్చీలు పెట్టాం, ఆర్టిస్టుకి కుర్చీలంటే ఇష్టం.

ఓరుగల్లు_పోరడు

రెండు కుర్చీలే పెట్టన్నా. ఒకటి కూసునేతందుకు, ఒకటి కాల్చేతందుకు.

ఎడ్మంటన్_సుబ్బు

కుర్చీలు తగ్గించకండి, కేంద్రం చల్లబడేలా చేయండి. మా ఇంట్లో ఒకసారి ఫర్నేస్ ఆగిపోతే ఇల్లు రాత్రికి రాత్రే చల్లబడిపోయింది. నాలుగు గోడలుంటే చాలు వెచ్చగా ఉంటుందన్నది గేముల్లోనే. కిటికీ ఒకటి పగిలి ఉంటే, గాలి వీచినప్పుడు లోపల కూడా అంకె పడాలి. అప్పుడు దాన్ని మూయడానికి చెక్క కావాలి, చెక్క షెడ్డులో ఉంటుంది.

వర్ధన్77

సుబ్బు గారి కిటికీ ఐడియా బాగుంది కానీ, ఆకలి సున్నాకి వస్తే చంపుతావా లేదా అన్నది ఇంకా చెప్పలేదు శేషూ.

శేషు_గోదారి

అదే మాలో మేం తేల్చుకోలేకపోతున్నాం బ్రో. నేను చంపాలంటాను. ప్రోగ్రామర్ చంపొద్దు, చేతులు వణికించి రేడియో వైర్లు కలపడం కష్టం చేద్దాం అంటున్నాడు. ఆర్టిస్టు ఏదైనా పర్లేదంటోంది, కుర్చీలు మాత్రం ముట్టుకోవద్దంట. శనివారం రెండు రకాల బిల్డులూ ఇక్కడే పెడతాను, ఆడి చెప్పండి. రవి గారూ, మీ లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, ఎఫ్‌పీఎస్ 60కే లాక్ చేశాం.